ఎముకలు కరగవు, కరిగేది మాత్ర

మా పక్కింటి కోడలు ఒకరోజు పొద్దున్నే వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. కాసేపటికి గొంతు తగ్గించి, "పిన్నీ, నా ఒంట్లో ఏదో కరిగి పోతోంది" అంది. ముందురోజు రాత్రి డాక్టరమ్మ రాసిన మాత్ర కింద పెట్టుకుందట. తెల్లారి చూస్తే లోదుస్తుల మీద తెల్లటి ముద్దలు, తడిసిన సుద్దలా ఉన్నాయట. అది చూసి అత్తగారు, "తెల్లబట్ట పోతోందని మందు తెస్తే ఇంకా ఎక్కువ పోతోందేమే! ఎముకల్లో గుజ్జంతా కరిగిపోతుంది, ఆపెయ్" అన్నారట. అప్పటికి ఆరు మాత్రల్లో ఒకటే అయింది.

ఆ అత్తగారు చెడ్డమనిషి కాదు. కోడలి ఒంటికి ఏదో అవుతుందనే ఆవిడ భయం. కానీ ఆ భయానికి ఆధారం లేదు. తెల్లబట్ట అంటే ఎముకలు కరగడమని, ఒంట్లో సత్తువ కారిపోవడమని మన ఇళ్లలో అమ్మమ్మల కాలం నుంచీ చెప్పుకుంటూ వస్తున్నారు. ఈ నమ్మకం ఎలా నిలబడిందో ఊహించడం కష్టం కాదు. రక్తహీనతతో నీరసపడిన ఆడది, బిందెలు మోసి నడుము పట్టేసిన ఆడది మన ఊళ్లలో ఏ ఇంట్లో చూసినా కనిపిస్తుంది. తెల్లబట్ట కూడా దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. రెండూ ఒకే ఒంట్లో కనబడేసరికి ఒకటి రెండోదానికి కారణమనుకున్నారు. నిజానికి ఆ తెలుపు గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరే జిగురు, దానితోపాటు యోని గోడల నుంచి రాలే పైపొర కణాలు. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగుతుంది, మిగతా రోజుల్లో చిక్కగానో పలచగానో ఉంటుంది. ఎముక లోపలి గుజ్జు అక్కడికి కారడానికి దారే లేదు.

ఈ అమ్మాయికి వచ్చింది మాత్రం మామూలు తెలుపు కాదు. పంటి నొప్పికి వారం రోజులు యాంటీబయాటిక్ వాడింది. ఆ తర్వాత విపరీతమైన దురద, మూత్రం పోస్తే మంట, పెరుగు తరకల్లా తెలుపు. యోనిలో కాపలాగా ఉండే మంచి సూక్ష్మజీవులు ఆ మందుకు చచ్చిపోతే, అక్కడే అణిగి ఉండే కాండిడా అనే బూజు జాతి జీవి పెరిగిపోతుంది. అందుకే డాక్టరమ్మ క్లోట్రిమజోల్ 100 మిల్లీగ్రాముల మాత్రలు, రాత్రికొకటి చొప్పున ఆరు రాత్రులకు రాసింది. ఇదే మందు మూడు రాత్రులకు 200 మిల్లీగ్రాములుగా, ఒక్క రాత్రికి 500 మిల్లీగ్రాములుగా కూడా దొరుకుతుంది. ఎవరికి ఏది రాస్తే అదే వాడాలి.

మందుల షాపులో కుర్రాడు ఆ డబ్బాను న్యూస్‌పేపర్లో చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని ఇచ్చాడట. ఎలా వాడాలో ఒక్క మాట చెప్పలేదు. ఈమె అడగలేదు. అలా చెప్పకపోవడం వల్ల ఈ మాత్రను నోట్లో వేసుకుని మింగేసినవాళ్లు కూడా ఉన్నారు. ఈమె బాత్రూంలో నిలబడి, చూసుకోవడానికి సిగ్గుపడి, వేలితో అంచు దాకా నెట్టి ఊరుకుంది. డబ్బాలో ఉన్న ప్లాస్టిక్ అప్లికేటర్‌ను ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "అది గుచ్చుకుంటే? మాత్ర గర్భసంచిలోకి పోతే?" అంది.

ఎక్కడికీ పోదు. యోని రెండు కొసలా తెరుచుకున్న గొట్టం కాదు. లోపలి కొస గర్భాశయ ముఖద్వారం దగ్గర ముగిసిపోయే సంచిలాంటిది. మొత్తం పొడవు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు. ముఖద్వారంలో ఉన్న రంధ్రం గుండుసూది తలకాయంత. దాన్ని కూడా జిగురు మూసి ఉంచుతుంది. మాత్ర అందులో దూరలేదు, కడుపులోకి వెళ్లి తప్పిపోవడం అసలే జరగదు. కరగడం ఒక్కటే దానికున్న దారి.

కరగాలంటే తడి కావాలి, సమయం కావాలి. అంచులో పెట్టిన మాత్రకు రెండూ దొరకవు. అక్కడ ఒరుసుకుని మండుతుంది, లేచి నడవగానే జారి పడుతుంది. ఈమెకు జరిగింది అదే. లోతుగా పెడితే అక్కడి తడి దాన్ని గంటల తరబడి నెమ్మదిగా విప్పుతుంది, మందు గోడలకు అంటుకుంటుంది. పడుకునే ముందు పెట్టుకోమనడంలో ఉన్న కిటుకు కూడా ఇదే. పడుకున్నంతసేపూ అది జారదు. రాత్రి కాలం గురించి ఉన్న శుభాశుభాలతో దీనికి సంబంధం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మా గదిలో కూర్చుని అప్లికేటర్ ఎలా పనిచేస్తుందో చూపించాను. అది ఒక సన్నటి గొట్టం, లోపల ఒక పుల్ల, అంతే. ముందు మూత్రానికి వెళ్లొచ్చి, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పుల్లను ఆగేదాకా వెనక్కి లాగితే గొట్టం కొసన మాత్రకు చోటు వస్తుంది. మాత్రను గుండ్రటి వైపు బయటికి ఉండేలా అందులో బిగించాలి. లోపల పొడిగా అనిపించే వాళ్లు మాత్రను ఒక్క క్షణం నీళ్లలో తడిపితే సులువుగా జారుతుంది. తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టాలి. గొట్టాన్ని నిటారుగా పైకి కాదు, నడుము వైపు కొంచెం వాలుగా, నొప్పి లేకుండా పోయినంత దూరం మెల్లగా పోనివ్వాలి. ఒంటిని బిగబట్టుకుంటే అడ్డు తగిలినట్టుంటుంది. అప్పుడు ఆగి, ఊపిరి వదిలి మళ్లీ ప్రయత్నించాలి. గొట్టాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని పుల్లను ఆగేదాకా నెడితే మాత్ర జారుతుంది. గొట్టం తీశాక దాని కొసన మాత్ర మిగిలి ఉందేమో ఒకసారి చూడాలి. అక్కడే ఉండిపోతే మళ్లీ చేయాలి. మళ్లీ వాడే రకమైతే దాన్ని గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మరిగించకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇక లేచి తిరగకుండా పడుకోవడమే.

గర్భిణికైతే ఈ గొట్టం వాడొద్దని, శుభ్రమైన వేలితోనే పెట్టుకోమని డాక్టర్లు చెబుతారు. అందుకని గర్భమని అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. పెళ్లికాని అమ్మాయిలకు ఈ మాత్ర రాస్తే ఇంట్లో పెద్దవాళ్లు "కన్నెపొర" అని హడలిపోతారు. ఆ పొర ద్వారానికి మూతలా ఉండదు. చుట్టూ అంచులా ఉంటుంది, సాగుతుంది. నెలసరి రక్తం నెలనెలా ఏ దారిన వస్తుందో ఆలోచిస్తే చాలు. ఆ పొరను చూసి ఎవరి శీలాన్నీ చెప్పలేరని, కన్యత్వ పరీక్షలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి చెప్పింది. పెట్టుకోవడం నొప్పిగా ఉన్నా, ఇష్టం లేకపోయినా డాక్టరుతో చెబితే వేరే మందు రాస్తారు. జబ్బును దాచుకుని దురదతో తెల్లార్లూ కూర్చోవాల్సిన పనిలేదు.

ఇక అత్తగారిని భయపెట్టిన ఆ తెల్ల ముద్దల సంగతి. మాత్రలో మందు 100 మిల్లీగ్రాములే. దాన్ని మాత్రగా నిలబెట్టడానికి పిండి, లాక్టోస్ లాంటివి కలుపుతారు. మందు గోడల్ని పట్టుకున్నాక ఆ పిండికి లోపల పనేమీ ఉండదు. లేవగానే ఒంటి తడితో కలిసి జారి వస్తుంది. తెల్లగా, సుద్దలా, ఒక్కోసారి చిన్న పలుకులుగా ఉంటుంది. వాసన ఉండదు. సరిగ్గా లోతుగా పెట్టుకున్నవాళ్లకు కూడా వస్తుంది. మందు వృథా అయిందని దాని అర్థం కాదు, ఒళ్లు కరిగిందని అంతకంటే కాదు. కొవ్వుతో చేసిన మాత్రలైతే ఒంటి వేడికి నెయ్యిలా కరుగుతాయి కాబట్టి జిడ్డుగా, మైనంలా కారుతుంది. మెత్తటి క్యాప్సూల్ అయితే పైపొర ముక్కలు కూడా రావొచ్చు. ఇదంతా మామూలే. కోర్సు అయిన ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. పలచటి ప్యాడ్ పెట్టుకుంటే చాలు. లోపల పెట్టే టాంపన్ మాత్రం వద్దు, అది మందును పీల్చేసుకుంటుంది. నీళ్లు చిమ్మి లోపల కడగడం కూడా వద్దు, పట్టుకున్న మందు దాంతో పోతుంది.

పెట్టిన కాసేపట్లోనే మాత్ర గట్టిగా, మొత్తంగా బయటపడితే అది వేరు. లోతు చాలలేదన్నమాట. పడినదాన్ని పారేసి ఇంకొకటి పెట్టుకుని, తగ్గిన మాత్రను షాపులో తెచ్చుకోవాలి. రోజూ పొద్దున కరగని పెద్ద ముక్కలే వస్తుంటే లోపల తడి తక్కువై ఉంటుంది. నెలసరి ఆగిపోయిన వయసు వాళ్లలో ఇలా జరగొచ్చు. అప్పుడు క్రీమ్ లాంటి ఇంకో రూపం రాయమని అడగాలి.

మరి ప్రమాదాన్ని ఎలా గుర్తుపట్టాలి? కారే దానికి చేపల కంపు ఉంటే, పసుపు-పచ్చ రంగులో నురగగా ఉంటే, అది మాత్ర తాలూకు తెలుపు కాదు, ఈ మందుతో తగ్గే జబ్బూ కాదు. రక్తం కనిపించినా, పుండ్లు ఉన్నా, జ్వరం వచ్చినా, పొత్తికడుపు నొప్పి పుట్టినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెట్టగానే కొంచెం మంట ఉండొచ్చు. మాత్ర మాత్రకూ అది పెరుగుతూ వాపు కూడా వస్తే మందు పడలేదని అర్థం, ఆపి చూపించుకోవాలి.

ఆ ఇంట్లో ఇంకో అడ్డు వచ్చింది. మందు లోపల ఉండగా దీపం పెట్టకూడదని, అది మైల అని అత్తగారు అన్నారు. శుక్రవారం దీపం కోసం ఒక రాత్రి మానేద్దామా అని ఈ అమ్మాయి అడిగింది. జ్వరానికి మాత్ర మింగిన మనిషి దీపం పెట్టడం లేదా? కడుపులో ఉన్న మందు మైల కానప్పుడు యోనిలో ఉన్న మందు ఎలా అవుతుంది? ఆడదాని ఒంట్లో ఆ ఒక్క చోటును ముట్టరానిదిగా చూసే అలవాటే ఆ మాట అనిపిస్తుంది. ఈ అలవాటు వల్లనే ఆమె తన ఒంటిని చూసుకోలేక మాత్రను అంచులో వదిలేసింది, షాపు కుర్రాడు ముఖం తిప్పుకున్నాడు. అత్తగారితో నేనే కూర్చుని మాట్లాడాను. మధ్యలో మానేస్తే మిగిలిన బూజు మళ్లీ పెరుగుతుందని, మాత్ర ఎందుకు తెల్లగా జారుతుందో చెప్పాను. ఆవిడ మొత్తం నమ్మారని చెప్పలేను. అడ్డు మాత్రం రాలేదు.

ఒక్క రాత్రి కూడా మానకూడదన్న మాట నిజమే గానీ, నెలసరి దగ్గరలో ఉంటే అది అయ్యాక మొదలుపెట్టడం మంచిది, రక్తంతో మందు కొట్టుకుపోతుంది. ఈ రోజుల్లో కలయిక వద్దు. కండోమ్ రబ్బరును ఈ మందు బలహీనపరుస్తుంది కాబట్టి దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఆమె మూడో రాత్రి నుంచి దురద లేకుండా నిద్రపోయింది, ఆరూ పూర్తి చేసింది. మీకు వారం దాటినా తగ్గకపోతే, తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే, అదే మాత్రను షాపులో కొనుక్కోవడం ఆపి డాక్టరుకు చూపించుకోండి, రక్తంలో చక్కెర కూడా పరీక్ష చేయించుకోండి. ఆ బూజు పదే పదే రావడానికి తెలియకుండా ఉన్న మధుమేహం ఒక కారణం.