వెడల్పు కాదు, లోతు చూడండి

శామీర్‌పేట పల్లెల్లో పునాది తవ్వితే గట్టి బంకమట్టి తగిలిందనుకుందాం. ఒక్క అంతస్తు ఇంట్లో తొమ్మిదంగుళాల గోడ, స్లాబుతో కలిపి మీటరు పొడవుకు సుమారు 4 టన్నుల బరువు దింపుతుంది. అలాంటి మట్టి చదరపు మీటరుకు దాదాపు 10 టన్నులు మోస్తుంది. అంటే 40 సెంటీమీటర్ల వెడల్పే చాలు. రెండున్నర అడుగులు వేస్తే ధీమా. ఇంకా వెడల్పు పెంచడం డబ్బు దండగే. ఆ డబ్బు లోతుకు పెట్టండి. ఎండాకాలం నెర్రెలు ఎంత లోతుకు దిగాయో గుంటలో చూసి, వాటి కిందికి వెళ్లాలి: మామూలు మట్టిలో మూడడుగులు, ఉబ్బే నల్లమట్టిలో కనీసం అయిదడుగులు. పైన నాలుగు 12 ఎం.ఎం. కడ్డీలతో ప్లింత్ బీమ్‌ను మూలల్లో తెగకుండా ఇంటి చుట్టూ కట్టాలి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు లేచి, వానలకు మూసుకుని, ఎండకు మళ్లీ విచ్చుకుంటుంటే, తప్పు చాలావరకు లోతుదే.