శాతం సరే... దేనిలో శాతం?

లాభనష్టాలు, మిశ్రమాల ప్రశ్నల్లో చాలామందికి మార్కు పోయేది గుణకారంలో కాదు, శాతాన్ని దేనిమీద కట్టాలన్న దగ్గర. ఆ పొరపాటు జవాబు కూడా ఆప్షన్లలో ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల్లోనైతే తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోత కూడా. అందుకే టిక్ పెట్టేముందు ఒక్క వెనక్కి లెక్క చేయాలి.

మన మిర్చి లెక్కే చూద్దాం. తుళ్లూరులో ఓ వ్యాపారి 20 శాతం తేమ ఉన్న మిర్చి 9 క్వింటాళ్లు, క్వింటా రూ.16,000 చొప్పున కొన్నాడు. తేమ 10 శాతానికి వచ్చేదాకా కళ్లంలో ఆరబెట్టి, గుంటూరులో క్వింటా రూ.19,800కు అమ్మాడు. లాభ శాతం ఎంత? ఆప్షన్లు: 9.09, 10, 11.375, 23.75.

తేమ 20 నుంచి 10కి వచ్చిందంటే బరువు 10 శాతం తగ్గిందనుకుని 8.1 క్వింటాళ్లు అనేస్తారు. అలా చేస్తే 11.375 వస్తుంది. కానీ 20 శాతం పాత బరువులోది, 10 శాతం కొత్త బరువులోది. రెండింటి ఆధారం వేరు కాబట్టి తీసివేయకూడదు. ఎండలో మారనిది పొడి పదార్థం ఒక్కటే. మొదట అది 9లో 80 శాతం, అంటే 7.2 క్వింటాళ్లు. చివర అదే 7.2 కొత్త బరువులో 90 శాతం. కాబట్టి మిగిలింది 8 క్వింటాళ్లు.

ఇప్పుడు 8.1ని వెనక్కి పరీక్షించండి. అందులో 90 శాతం 7.29 క్వింటాళ్లు. అంటే ఆరబెడితే 9 కిలోల పొడి సరుకు కొత్తగా పుట్టిందన్నమాట! అది జరగదు. 8తో చూస్తే 7.2 సరిగ్గా కుదురుతుంది.

కొన్నది రూ.1,44,000, అమ్మింది రూ.1,58,400, లాభం రూ.14,400. దీన్ని అమ్మిన ధరతో భాగిస్తే 9.09. కొన్న ధరతో భాగిస్తే 10. ప్రశ్నలో వేరే చెప్పకపోతే లాభ శాతం కొన్న ధరమీదే. ఇక్కడా వెనక్కి వెళ్లండి: 1,44,000కు దానిలో 10 శాతం కలిపితే 1,58,400 వస్తుంది, 9.09 శాతం కలిపితే రాదు. ఇక 23.75 అంటారా? అది క్వింటా ధరలు మాత్రమే పోల్చి, ఎండిపోయిన క్వింటా సంగతి మరచినవాళ్ల జవాబు.

ఒక్క జాగ్రత్త. ప్రశ్నలో ‘ఆరబెడితే బరువు 10 శాతం తగ్గింది’ అని ఉంటే 8.1 క్వింటాళ్లే సరైనది. ‘అమ్మిన ధరపై లాభం’ అని ఉంటే 9.09 తరహా లెక్కే కట్టాలి. కాబట్టి రఫ్ షీట్‌లో ప్రతి శాతం పక్కన ‘పాత బరువులో’, ‘కొన్న ధరలో’ అని రెండు మాటలు రాసుకోండి. ఆ రెండు మాటలు రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకోసారి చదవాలని అర్థం.