స్కోరు లేకపోవడం ఐబు కాదు

అమెరికా వెళ్లిన మన పిల్లలకు తన్‌ఖా బాగానే ఉంటుంది. అయినా కార్ లోన్ అడిగితే ముందు క్రెడిట్ స్కోరే చూస్తారు. దాన్ని తమ ఇజ్జత్ మీద షక్ అనుకోనక్కర్లేదు. మన మొహల్లాలో కర్జ్ ఇచ్చేవాడు ఖాందాన్ చూస్తాడు, నలుగురిని అడుగుతాడు. అక్కడ గవాహీ ఇచ్చేవాళ్లు ఉండరు. తీసుకున్న అప్పు వాయిదాకు కట్టాడా అన్న రికార్డే గవాహీ. ఇక్కడి సిబిల్ రికార్డు సాధారణంగా వెంట రాదు. జీతం, బ్యాంకులో దాచిన పైసలు స్కోరు లెక్కలోకి రావు. కొత్తగా వెళ్లినవాడిది చెడ్డ స్కోరు కాదు, అసలు స్కోరే లేదు.

రాస్తా ఏమిటంటే, 300 డాలర్లు జమానత్‌గా పెట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకోవడం. చెల్లింపుల వివరాలు క్రెడిట్ బ్యూరోలకు పంపుతారా అని ముందే అడగాలి. పంపకపోతే ఆ కార్డుతో ఫాయిదా లేదు. నెలకు 30 డాలర్ల సౌదా కొని, బిల్లు మొత్తం గడువులోపు కట్టాలి. ఆరు నెలలకు ఫైకో స్కోరు తయారవుతుంది. 30 రోజులు ఆలస్యమైతే ఆ దాగ్ ఏడేళ్ల దాకా ఉండొచ్చు.

బిల్లులో 'కనీస మొత్తం' అని కనిపించేదే అసలు ఫందా. అంతే కడితే మిగతా దానిపై సూద్ మొదలవుతుంది. స్కోరుకు సూద్ కట్టాల్సిన పనే లేదు. అయితే కార్డు ఒప్పందంలో సూద్ షరతు ఉంటుంది గనుక ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆలిమ్‌ను అడిగే తీసుకోండి.

నా రాయ్ ఒకటే. ఈ స్కోరు అప్పు తీర్చే ఆదత్‌ను కొలుస్తుంది, మనిషి ఈమాన్‌దారీని కాదు. జిందగీలో కర్జే చేయనివాడు దానికి కనిపించడు. అది దాని లోపం, అతనిది కాదు.