పాత బాకీ ఇంటిది కాదు, మనిషిది

పెద్ద పోస్ట్. ఇంగ్లాండ్‌లో ఇల్లు మారబోతున్న వాళ్లు, మారి నెల కూడా కానివాళ్లు ఓపిగ్గా చదవండి. మిగతావాళ్లు సేవ్ చేసి పెట్టుకోండి, ఏదో ఒక రోజు అవసరం పడుతుంది.

మేము నలుగురం. అందరం కేర్ హోమ్‌లలో షిఫ్టులు చేసేవాళ్లమే. మొన్న రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు తీసుకున్నాం. ఓనర్ మన తెలుగాయనే, మాట మంచిది, మేము అన్నా అంటాం. తాళాలు తీసుకున్న రెండో రోజు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "తమ్ముడూ, మీటర్‌లో పాతది ఒక 190 పౌండ్లు ఉంది. ఎవరి తప్పూ కాదు, ఎవర్నీ అనడం లేదు. నలుగురున్నారు కదా, క్లియర్ చేసేయండి, మీకు ఇబ్బంది ఉండదు."

ఈ మెసేజ్‌లో తిట్టు లేదు, బెదిరింపు లేదు. మీరు వాడారని అనలేదు, ముందున్నవాడు ఎగ్గొట్టాడనీ అనలేదు. బాకీ అదంతట అదే వచ్చి మీటర్‌లో కూర్చున్నట్టు రాశాడు. మా గొడవంతా అక్కడే. ఎవర్నీ అననప్పుడు ఎవరిదని అడగడానికి మనకు మొహమాటం వస్తుంది. ఆ మొహమాటానికి ధర 190 పౌండ్లు. నలుగురికి పంచితే తలా 47 పౌండ్ల 50 పెన్నీలు. 2025 ఏప్రిల్‌లో గంటకు 12 పౌండ్ల 21 పెన్నీలుగా ఉన్న కనీస వేతనం లెక్కన ఒక్కొక్కరికి దాదాపు నాలుగు గంటల పని.

గ్రూపులో అడిగితే వచ్చిన సలహాలన్నీ ఒకటే. పోనీలే బ్రదర్, ఇల్లు దొరకడమే కష్టం, అడ్జస్ట్ అవ్వండి. అలా అన్నవాళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లు ఊరి లెక్కతో మాట్లాడుతున్నారు. మన దగ్గర కరెంటు బాకీ సర్వీస్ నంబరుకు అంటుకుని ఉంటుంది. మీటర్ ఓనర్ పేరు మీద ఉంటుంది, అద్దెకున్నవాడు కట్టకుండా వెళ్తే లైన్ కట్ అయ్యేది ఆ ఇంటికే. కొత్తగా వచ్చినవాడు కట్టుకుంటాడు, లేదా ఓనర్‌తో మాట్లాడి అద్దెలో తగ్గించుకుంటాడు. కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2023 మేలో చెప్పింది కూడా ఇలాంటిదే. పాత యజమాని బాకీ కడితేనే ఆ ఆవరణకు కనెక్షన్ ఇస్తామని సరఫరా నిబంధనల్లో పెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఇంటితోపాటు బాకీ వస్తుందనే మాట మనవాళ్లు గాల్లోంచి తెచ్చింది కాదు.

కానీ ఇక్కడ లెక్క వేరు. ఇక్కడ బాకీ మనిషితో పోతుంది, ఇంటితో ఉండదు. మీరు ఇంట్లోకి వచ్చి కరెంటు వాడటం మొదలుపెట్టిన రోజు నుంచి, ఏ కాగితం మీదా సంతకం చేయకపోయినా, సప్లయర్‌కూ మీకూ మధ్య ఒప్పందం ఉన్నట్టే చట్టం లెక్కేస్తుంది. దీన్ని డీమ్డ్ కాంట్రాక్ట్ అంటారు, 1989 ఎలక్ట్రిసిటీ చట్టంలో ఉంది. అది మొదలయ్యేది మీరు వచ్చిన రోజు నుంచే, వెనక్కి పోదు. ముందున్నవాడి బాకీ కంపెనీ అతని దగ్గరే వసూలు చేసుకోవాలి. మధ్యలో ఇల్లు ఖాళీగా ఉన్న రోజులు మాత్రం ఓనర్ ఖాతా.

ఆ ఖాళీ రోజుల సంగతి ఎవరూ ఎత్తరు. మా ఇల్లు ఐదు వారాలు ఖాళీగా ఉంది. ఉన్నది కీ మీటర్, అంటే ప్లాస్టిక్ తాళంలో డబ్బులు వేయించుకుని మీటర్‌లో పెట్టేది. ఎవరూ వాడకపోయినా స్టాండింగ్ చార్జ్ రోజూ పడుతూనే ఉంటుంది. మా దగ్గర రోజుకు 60 పెన్నీలు, 35 రోజులకు 21 పౌండ్లు. మీటర్ మీద నీలం బటన్ నొక్కుతూ పోతే స్క్రీన్లు మారుతుంటాయి. ఒకదాంట్లో మొత్తం బాకీ, ఇంకోదాంట్లో వారానికి ఎంత కోస్తుందో కనిపిస్తాయి. ఏ స్క్రీన్‌లో ఏది అన్నది మీటర్ రకాన్ని బట్టి మారుతుంది. మాదాంట్లో బాకీ 169, వారానికి కోత 5. ఆ 169కి 21 కలిపితే ఓనర్ అన్న చెప్పిన 190 సరిగ్గా వచ్చింది. అంటే ఎవరి తప్పూ కాని ఆ మొత్తంలో 21 పౌండ్లు స్వయంగా ఆయనవే.

మేము ఆ తాళంలో ఒక్క పౌండ్ కూడా వేయలేదు. వేసుంటే ఏమయ్యేదంటే, మీటర్ ముందు తన బకాయిలు తీసుకుంటుంది. పేరుకున్న స్టాండింగ్ చార్జ్, కట్టని వారాల కోతలు, ముందున్నవాడు ఎమర్జెన్సీ క్రెడిట్ వాడుంటే అది, ఇవన్నీ పోయాక మిగిలిందే మనకు. మా మీటర్‌లో 21 స్టాండింగ్ చార్జ్, ఐదు వారాల కోత 25, మొత్తం 46. అంటే 20 వేస్తే లైటు కూడా వెలగదు. ఇంకా చెడ్డ విషయం, పాత తాళం వాడుతున్నంత కాలం కంపెనీ దృష్టిలో ఆ ఇంట్లో పాత మనిషే ఉన్నాడు, బుద్ధిగా బాకీ తీరుస్తున్నాడు.

మా పక్క వీధిలో ఒక జంటకు జరిగింది అదే. 14 వారాలు, వారానికి 7 పౌండ్ల 50 పెన్నీలు, మొత్తం 105 పౌండ్లు పోయాయి. చలికాలం కదా, హీటర్ తినేస్తోందని అనుకున్నారు. ఆయన హీటర్ వేసిందని భార్య మీద, ఆమె గీజర్ ఆపలేదని ఆయన మీద. మేము ఒక వారం లెక్క రాయమన్నాం. రీడింగ్ 40 యూనిట్లు పెరిగింది. యూనిట్ 27 పెన్నీల చొప్పున 10 పౌండ్ల 80. ఏడు రోజుల స్టాండింగ్ చార్జ్ 4 పౌండ్ల 20. మొత్తం 15. మీటర్‌లోంచి పోయింది మాత్రం 22 పౌండ్ల 50. ఆ తేడా హీటర్‌ది కాదు, ముందున్నవాడిది. మీకు అనుమానం ఉంటే ఈ లెక్క ఒక్క వారం వేయండి, బయటపడుతుంది.

ఇక మేము చేసింది. తాళాలు తీసుకున్న రోజే మీటర్ ఫొటో తీశాం, రీడింగూ బాకీ స్క్రీనూ కనిపించేలా. సప్లయర్ ఎవరో ఓనర్‌కే సరిగ్గా తెలియదు. ఆ ఏరియా కరెంటు లైన్లు చూసే నెట్‌వర్క్ కంపెనీని పోస్ట్‌కోడ్ చెప్పి అడిగితే ఆ ఇంటికి సప్లయర్ ఎవరో చెప్తారు. తర్వాత సప్లయర్‌కు ఫోన్ చేసి మూడే మాటలు చెప్పాం. ఫలానా తేదీన ఇంట్లోకి వచ్చాం, ఆ రోజు రీడింగ్ ఇది, మీటర్‌లో ఉన్న బాకీ మాది కాదు. అగ్రిమెంట్ పంపమన్నారు, పంపాం. పాత తాళం వాడొద్దన్నారు. ఒక కోడ్ ఇచ్చి, మూల మీద దుకాణంలో కొత్త తాళం తీసుకోమన్నారు, ఉచితం. అందులో డబ్బులు వేయించి మీటర్‌లో పెట్టి కాసేపు ఉంచాక బాకీ స్క్రీన్ సున్నా అయింది. ఫోన్‌లో వెయిటింగ్‌తో కలిపి గంటన్నర పట్టింది. స్మార్ట్ మీటర్ అయితే తాళం గొడవ లేదు, కంపెనీయే అక్కడి నుంచి బాకీ తీసేస్తుంది. కానీ మనం చెప్పకపోతే అదీ కోస్తూనే ఉంటుంది.

అగ్రిమెంట్ లేకుండా క్యాష్‌కు ఉంటున్నవాళ్లు, మాకు కాగితమే లేదు కదా అంటారు. మొదటి అద్దె బ్యాంకులో వేసుంటే ఆ ఎంట్రీ చూపించండి, డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో పెట్టిన సర్టిఫికెట్ ఉంటే అదీ పనికొస్తుంది. కాగితం బొత్తిగా లేనివాళ్ల పని మాత్రం కష్టమే, అబద్ధం చెప్పం. వాళ్లకు తేదీ వేసి తీసిన మీటర్ ఫొటో ఇంకా ముఖ్యం. బిల్లులతో కలిపి అద్దె ఇచ్చేవాళ్లకు ఖాతా ఓనర్‌దే, పాత బాకీ వాళ్లను అడిగే మాటే లేదు.

ఓనర్‌తో ఎలా అన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే అందరూ భయపడేది అక్కడే. ఆయన ఎవర్నీ అనలేదు కాబట్టి మేమూ ఎవర్నీ అనలేదు. ఇలా రాశాం. "అన్నా, మేము తాళాలు తీసుకున్న రోజు మీటర్ ఫొటో పంపుతున్నాం. ఆ రోజు నుంచి మా కరెంటు పైసాతో సహా మేమే కడతాం. అంతకుముందుది మా పేరు మీద లేదని కంపెనీ చెప్పింది, కొత్త తాళం ఇచ్చింది. ముందున్నవాళ్లు ఖాళీ చేసిన తేదీ మీరు కంపెనీకి చెప్తే ఖాళీగా ఉన్న రోజుల లెక్క మీతో తేల్చుకుంటారట." ఆయన మధ్యాహ్నం చూసి రాత్రికి జవాబిచ్చాడు. "ఆ అకౌంట్ నా పేరు మీద లేదు తమ్ముడూ, నాతో మాట్లాడరు." అది సగం నిజం. ముందున్నవాడి వివరాలు ఆయనకు చెప్పరు. ఎవరు ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉన్నారో ఆయన చెప్తే మాత్రం రాసుకుంటారు. అదే రాసి పంపాం. "సరే చూద్దాం" అన్నాడు. ఇల్లు ఖాళీ చేయమనలేదు, అద్దె పెంచలేదు.

ముందున్నతన్ని దొంగ అని మేమూ అనం. ఉద్యోగం పోయిందేమో, వీసా అయిపోయి రాత్రికి రాత్రి వెళ్లాడేమో. అతని కష్టం అతను కంపెనీతో చెప్పుకుంటే వాయిదాలు కట్టించుకుంటారు. మనం గుట్టుగా కట్టేస్తే ఆ మాట ఎక్కడా రాదు. ఓనర్ ఎవరికీ తేదీలు చెప్పక్కర్లేదు, కంపెనీ ఎవర్నీ వెతకక్కర్లేదు, తర్వాత వచ్చేవాళ్లకూ ఇదే మెసేజ్ వెళ్తుంది.

ఇంకొకటి, ఇది భయపెట్టడానికి కాదు. పాత మనిషి పేరుతో వచ్చే కవర్లను విప్పకుండా, ఇక్కడ లేరు అని రాసి తిరిగి పోస్టులో వేయండి. కానీ పేరు లేకుండా "The Occupier" అని వస్తే అది మీకే, తప్పక విప్పండి. మామూలు క్రెడిట్ మీటర్ ఉన్న ఇంట్లో పాత బాకీ కోసం కంపెనీ కోర్టు వారెంట్ తెచ్చుకుని లోపలికి వచ్చి ప్రీపేమెంట్ మీటర్ పెట్టొచ్చు. ఇంట్లో మనుషులు మారారని ఎవరూ చెప్పకపోతే ఆ వారెంట్ మీ తలుపు దగ్గరికే వస్తుంది.

పక్క వీధి జంట విషయం ఇంకా తేలలేదు. కొత్త తాళం వచ్చింది, కోత ఆగింది. పోయిన 105 పౌండ్లు వెనక్కి ఇవ్వమని కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టారు. 8 వారాల్లో తేల్చకపోయినా, ఇక మేము చేసేదేమీ లేదని కంపెనీ లెటర్ ఇచ్చినా, ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. వాళ్లకు ఇప్పుడు ఆరో వారం నడుస్తోంది. డబ్బు వచ్చినా రాకపోయినా కామెంట్‌లో రాస్తాం.