పేరు చెప్పేముందు పేరుగలవారిని అడగాలి

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టీమ్ మేనేజర్‌కు ఈ వారం లింక్డిన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. "హాయ్ సర్, మీ టీమ్‌లో ఉన్న ఫలానా నాకు చాలా క్లోజ్. నా ప్రొఫైల్ ఒకసారి చూడండి. జాబ్ చాలా అర్జెంట్ సర్." మేనేజర్ రెజ్యూమే తెరవలేదు. నాలుగు సీట్ల అవతల కూర్చున్న ఆ ఫలానా ఉద్యోగిని పిలిచి, "ఈ అబ్బాయి నీకు తెలుసా?" అని అడిగాడు. అతను ఫొటో వంక కాసేపు చూసి, "పాత కంపెనీలో ఎక్కడో చూసినట్టుంది సర్" అన్నాడు. దరఖాస్తు అక్కడితో ఆగిపోయింది.

ఆ కుర్రాడికి ఉద్యోగం రాకపోవడం ఒక నష్టం. మేనేజర్ ముందు నిలబడి నీళ్లు నమిలిన ఆ ఉద్యోగిది ఇంకో నష్టం, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అతని పేరును అతనికి చెప్పకుండా వాడేశారు. రేపు అతను నిజంగా ఒక మంచి మనిషిని చూపించినా, మేనేజర్ మనసులో ఈ సంగతి మెదులుతూనే ఉంటుంది. అడగకుండా ఒకరి స్కూటర్ తీసుకెళ్తే తప్పని అందరికీ తెలుసు. అడగకుండా పేరు తీసుకెళ్లడం మాత్రం తప్పుగా అనిపించడం లేదు. ఈ అలవాటు మారాలి.

తెలిసినవారి పేరు చెప్పుకోవడంలో తప్పు లేదు. ఉద్యోగాలు అలాగే దొరుకుతున్నాయని యాభై ఏళ్ల కిందటే లెక్కతో సహా తేలింది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ మసాచుసెట్స్‌లోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగాలు మారినవారిని పలకరించి, 1973లో ఒక వ్యాసం అచ్చువేశాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిని, ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ కలిసేవాళ్లమన్నవారు 17 శాతంలోపే. మిగిలినవారంతా అప్పుడప్పుడో అరుదుగానో కలిసినవారే. అంటే పాత ఆఫీసులో ఏడాది పాటు పక్క టీమ్‌లో పనిచేసిన మనిషి కూడా ఉద్యోగానికి దారి చూపగలడు. అతన్ని "చాలా క్లోజ్" చేయాల్సిన అవసరమే లేదు. ఉన్న పరిచయాన్ని ఉన్నట్టు చెబితే చాలు.

ఆ చెప్పడానికి ఒక వరుస ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగేళ్ల అనుభవం ఉన్న ఒక టెస్ట్ ఇంజినీర్ ఉంది. గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో సీనియర్ టెస్టర్ పోస్టు పడింది. ఆ టీమ్‌లో ఆమె పాత సహోద్యోగి ఒకరున్నారు. ఆమె మొదట రాయాల్సింది మేనేజర్‌కు కాదు, ఆ సహోద్యోగికి: "అన్నా, మీ టీమ్‌లో టెస్టింగ్ పోస్టు చూశాను. మీ మేనేజర్‌కు రాద్దామనుకుంటున్నాను. అందులో మీ పేరు చెప్పొచ్చా? ఇబ్బందిగా ఉంటే చెప్పేయండి, ఏమీ అనుకోను, మామూలుగా అప్లై చేసుకుంటాను."

ఇందులో చివరి వాక్యం మరీ ముఖ్యం. మన దగ్గర ముఖం మీద కాదనడం చాలామందికి చేతకాదు. మొహమాటానికి సరేననేసి, తర్వాత మేనేజర్ అడిగినప్పుడు తప్పించుకుంటారు. అలా వచ్చిన సరే ఎందుకూ పనికిరాదు. అందుకని కాదనడానికి దారి ముందే తెరిచిపెట్టాలి. అప్పుడు కూడా జవాబును చెవిపెట్టి వినాలి. "తప్పకుండా చెప్పు, నేనూ ఆయనతో ఒక మాట అంటాను" అంటే అది ఒప్పుకోవడం. "చూద్దాంలే", "ముందు హెచ్‌ఆర్‌కు పెట్టు", లేదంటే రెండు రోజులైనా జవాబు లేకపోవడం, ఇవన్నీ కాదనడమే. అక్కడ పేరు వదిలేయాలి. గుచ్చి గుచ్చి అడిగితే ఆ పరిచయం కూడా పోతుంది.

అడగడంలో ఇంకో లాభం ఉంది. చాలా కంపెనీల్లో ఉద్యోగి తన లాగిన్ నుంచి రిఫరల్ పెట్టాకే అభ్యర్థి దరఖాస్తు చేయాలి. తొందరపడి ముందే సైట్‌లో అప్లై చేస్తే ఆ పేరు మామూలు దరఖాస్తుగా నమోదైపోతుంది. తర్వాత రిఫర్ చేయబోతే, ఈ అభ్యర్థి ఇప్పటికే మా రికార్డుల్లో ఉన్నారని సిస్టమ్ తిప్పికొట్టవచ్చు. కాబట్టి ముందు సహోద్యోగిని అడగాలి. తర్వాత రిఫరల్, ఆ తర్వాత దరఖాస్తు. మేనేజర్‌కు మెసేజ్ అన్నిటికన్నా చివర. అందులో జాబ్ ఐడీ కూడా రాస్తే మేనేజర్‌కు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇప్పుడు ఆ మెసేజ్. ఆఫీసుల్లో అది ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది కానీ, విషయం తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"నమస్తే అండి. మీ టీమ్‌లో సీనియర్ టెస్ట్ ఇంజినీర్ పోస్టుకు, జాబ్ ఐడీ ఫలానా, మంగళవారం దరఖాస్తు పెట్టాను. పేమెంట్ యాప్‌ల టెస్టింగ్‌లో నాకు నాలుగేళ్ల అనుభవం ఉంది. ప్రతి రిలీజ్‌కు ముందు మాకు రెండు రోజులు పట్టే టెస్టులను ఆటోమేట్ చేసి, ఒక్క పూటలో అయ్యేలా చేశాను. మీ టీమ్‌లోని ఫలానా గారు, నేను పాత కంపెనీలో ఏడాదిన్నర ఒకే ప్రాజెక్టులో ఉన్నాం. ఆయన రాసిన కోడ్‌ను నేను టెస్ట్ చేసేదాన్ని. మీకు రాసేటప్పుడు తన పేరు చెప్పవచ్చని ఆయన అన్నారు. రెజ్యూమే జతచేశాను. మీ అవసరానికి సరిపోతాననిపిస్తే ఒక పావుగంట మాట్లాడే వీలు ఇవ్వగలరు."

అందులో పేరు ఒక్కసారే వచ్చింది, అదీ ఆమె చేసిన పని గురించి చెప్పాక. పరిచయం ఎక్కడిది, ఎంతకాలం, ఏ పనిలో అన్నది రెండు వాక్యాల్లో తేలిపోయింది. "ఆయన నా గురించి చెబుతారు" అని ఆయన తరఫున హామీ ఇవ్వలేదు. మేనేజర్ వెళ్లి అడిగితే ఆ సహోద్యోగి చెప్పేది ఈ మెసేజ్‌లో ఉన్నదానితో అతికినట్టు సరిపోవాలి. అసలు పరీక్ష అక్కడే ఉంది. "నా కోడ్‌లో తప్పులు పట్టేది, గట్టి పిల్ల" అని ఆయన ఒక్క మాట అంటే, రెజ్యూమేలో పది లైన్లు చేయలేని పని అది చేస్తుంది.

రాయకూడనిది కూడా ఒకటుంది. సహోద్యోగి మాటల సందర్భంలో, "మా టీమ్‌లో ఇద్దరు మానేస్తున్నారు, రిలీజ్ మీద రిలీజ్ వాయిదా పడుతోంది" అని ఉండవచ్చు. తనకు విషయం తెలుసని చూపించుకోవడానికి కొందరు దాన్ని మెసేజ్‌లో పెట్టేస్తారు. మేనేజర్‌కు అందులో అభ్యర్థి తెలివి కనిపించదు. లోపలి సంగతి బయటికి మోసిన తన ఉద్యోగి కనిపిస్తాడు. అలాగే సహోద్యోగి దగ్గర మేనేజర్ సొంత నంబర్ తీసుకుని రాత్రి పూట వాట్సాప్ చేయడం. అది ఆ సహోద్యోగి మెడకే చుట్టుకుంటుంది. వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయవచ్చు, అంతే. ఏం జరిగినా, ఉద్యోగం వచ్చినా రాకపోయినా, పేరు ఇచ్చిన మనిషికి కబురు చెప్పాలి. ఈ చివరి పని చేసేవారు చాలా తక్కువ.

ఇంత పద్ధతిగా రాసినా కొన్నిసార్లు ఫలితం ఉండదు. ఆ సహోద్యోగి చేరి నెల రోజులే అయి ఉండవచ్చు, నోటీసు పీరియడ్‌లో ఉండవచ్చు, మేనేజర్‌తో అతనికే పడకపోవచ్చు. మేనేజర్ మర్యాదగా "పోర్టల్‌లో అప్లై చేయండి" అని ఊరుకుని, సహోద్యోగిని ఒక్క మాటా అడగలేదంటే ఆ పేరుకు అక్కడ బరువు లేదని అర్థం చేసుకోవాలి.

ఇక్కడ ఇంకో మాట కూడా అనక తప్పదు. మన దగ్గర పేరు చెప్పే పద్ధతి చాలాసార్లు పని దగ్గర మొదలు కావడం లేదు, చుట్టరికం దగ్గర మొదలవుతోంది. "మా బావమరిది క్లాస్‌మేట్", "మీది మా పక్క ఊరే", ఇంకొంచెం ముందుకెళ్తే "మనవాడే". కొందరు మేనేజర్లు తామే అడుగుతారు: "ఇంటిపేరు ఏంటి? ఏ ఊరు మీది?" ఆ రెండు ప్రశ్నలు ఎందుకు అడుగుతున్నారో తెలుగు దేశంలో పుట్టినవారికి విడమరిచి చెప్పక్కర్లేదు. పేమెంట్ యాప్ టెస్టింగ్‌కు ఇంటిపేరుతో ఏ సంబంధమూ లేదు.

పేరును బట్టే తలుపు తెరుచుకుంటుందా అన్నది కూడా లెక్కకు అందిన విషయమే. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. ఒకే చదువు, ఒకే తీరు అర్హతలు, పేర్లు మాత్రం వేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడో వంతు. అప్పుడు దరఖాస్తులో ఉన్నది అభ్యర్థి సొంత పేరొక్కటే, తోడుగా ఎవరి పేరూ లేదు. దానికి పైన "మనవాడే" కూడా చేరితే, ఆ కంపెనీలో తెలిసినవారెవరూ లేని, ఇంట్లో మొదటి తరంగా చదువుకున్న పిల్ల ఎక్కడ నిలబడాలి? అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, హాస్టల్ గదిలో కూర్చుని పోర్టల్‌లో దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టే ఆ పిల్లకు "అందింది" అన్న ఆటోమేటిక్ మెయిల్ తప్ప ఇంకేమీ రాదు. ఆమెది తక్కువ ప్రతిభ అని ఎవరూ తేల్చలేదు, ఆ ఫైలు ఎవరూ తెరవలేదు.

కాబట్టి మర్యాద నేర్చుకోవాల్సింది మెసేజ్ రాసేవారొక్కరే కాదు, చదివేవారు కూడా. తన టీమ్ మనిషి పేరుతో మెసేజ్ వచ్చినప్పుడు మేనేజర్ ఆ ఉద్యోగిని ఒకటే అడగాలి: "ఈమె పని నువ్వు దగ్గరగా చూశావా?" ఊరు, ఇంటిపేరు, చుట్టరికం ఆ మాటల్లోకి రాకూడదు. రిఫరల్ మీద వచ్చిన అభ్యర్థికి ఇంటర్వ్యూ తేదీ ఇచ్చేముందు, అదే జాబ్ ఐడీకి పోర్టల్‌లో వచ్చిన దరఖాస్తులను కూడా తెరిచి చూడాలి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే టెస్టు పెట్టాలి. ఎంపిక కానివారికి ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసి పంపాలి. రిఫరల్ తెచ్చినవారికి బోనస్ ఇవ్వడానికి డబ్బున్న కంపెనీలకు ఆ రెండు వాక్యాలు పంపించే మనిషిని పెట్టుకోవడం భారం కాదు.