సోకు ఇంగ్లీషుకి, సాదా తెలుగుకి

మన పెళ్లి విందుల్లో బల్ల మీద పేరు కార్డులు చూసే ఉంటారు. చాలా కార్డుల్లో అతిథి పేరు ఇంగ్లీషులో సాదాగా, చక్కగా చదవగలిగేట్టు ఉంటుంది. దాని కింద అదే పేరు తెలుగులో వంకీలు తిరిగిన లావు అక్షరాల్లో ఉంటుంది. ఆ రెండో వరుసని ఎవరూ చదవరు. చదవాలన్నా కష్టమే. అది మామిడి తోరణంలాగా ఒక అలంకారం, అంతే.

ఇది తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. కార్డు మీద రెండు ఫాంట్లు వాడాలి, ఒకటి సోకుగా, ఒకటి సాదాగా. అంతవరకు నాకూ ఒప్పుకోలే. కానీ సోకు ఇంగ్లీషుకి ఇవ్వండి, తెలుగుని సాదాగా ఉంచండి.

కారణం అక్షరాల్లోనే ఉంది. ఇంగ్లీషు స్క్రిప్ట్ ఫాంట్ అంటే చేత్తో కలిపి రాసినట్టు ఉండేది. అందులో అక్షరాలు కొంచెం వంగినా మొదటి పెద్ద అక్షరం, పదం మొత్తం ఆకారం చూసి పేరు పోల్చుకుంటాం. తెలుగులో అలా కుదరదు. "ద"కి కింద చిన్న గీత పెడితే "ధ", దాని మధ్యలో చుక్క పెడితే "థ". "ప"కీ "ఫ"కీ తేడా కూడా కింద ఉన్న గీతే. కుంచెతో గీసినట్టుండే లావు ఫాంట్‌లో, చిన్న సైజులో, ఆ గీత అక్షరంలో కలిసిపోతుంది. అప్పుడు మాధవి మాదవి అవుతుంది. తెలుగు బాగా వచ్చినవాళ్లు అలవాటు మీద సర్దుకుంటారు. మనలాగా ఒక్కో అక్షరం కూడబలుక్కునే వాళ్లం అక్కడే ఆగిపోతాం.

పోయిన ఏడాది మా పెద్దమ్మ కూతురి పెళ్లి న్యూజెర్సీలో జరిగింది. రిసెప్షన్‌కి 180 మంది, 18 బల్లలు. కార్డులు, సీటింగ్ చార్ట్ నాకు అప్పగించారు. అక్క మొదట ఒప్పుకోలేదు. "తెలుగు అందంగా లేకపోతే పెళ్లి కళ ఎక్కడుంటుందే?" అంది. నేను వాదించలేదు. ఒకే పేరుతో రెండు కార్డులు ప్రింట్ తీసి, గదిలో దీపాలు తగ్గించి, బల్ల మీద నిలబెట్టాను. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి తెలుగు తప్ప ఇంకేదీ చదవడం రాదు. సాదా కార్డు ఆమె గడగడా చదివింది. రెండోదాని ముందు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదేం పేరమ్మా?" అంది. అక్క ఇంకేమీ అనలేదు.

పరీక్షకి నేను ఎంచుకున్న పేరు "వెంకట సుబ్రహ్మణ్యం గారు". మీరు కూడా మీ జాబితాలో అన్నిటికన్నా పొడుగైన, వత్తులు ఎక్కువున్న పేరుతోనే మొదలుపెట్టండి. అది కుదిరితే "రవి", "గీత" వాటంతట అవే కుదురుతాయి. కార్డు మడిచాక ఎదురుగా కనిపించే భాగం 3.5 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు. పైన ఇంగ్లీషు పేరు Great Vibes ఫాంట్‌లో పెట్టాను. 28 పాయింట్లలో అంచుదాకా వెళ్లింది, 24లో సరిపోయింది. అన్ని కార్డులకీ అదే సైజు ఉంచాను. ఒక్కో కార్డు ఒక్కో సైజులో ఉంటే, బల్ల చుట్టూ పెట్టినప్పుడు కొందరి పేర్లు అరుస్తున్నట్టు, కొందరివి గొణుగుతున్నట్టు కనిపిస్తాయి.

కింద తెలుగు Noto Sans Telugu లో, 16 పాయింట్లు. ఇక్కడ వరుసల మధ్య ఖాళీ ముఖ్యం. "సుబ్రహ్మణ్యం"లో మూడు వత్తులు కిందికి దిగుతాయి. తలకట్టు, గుడి పైకి లేస్తాయి. ఇంగ్లీషుకి చాలే ఖాళీ తెలుగుకి చాలదు. అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు, అంటే 16 పాయింట్లకి 24, ఇవ్వండి. దానికి తోడు స్క్రిప్ట్ ఫాంట్‌లో "y" తోక పొడుగ్గా కిందికి జారుతుంది. అది తెలుగు గుడి మీద పడకుండా ఇంకొంచెం దింపాలి. బల్ల నంబరు కూడా సాదా అక్షరాల్లోనే ఉండాలి.

స్క్రిప్ట్ ఫాంట్‌కి రెండు హద్దులున్నాయి. ఒకటి, అన్నీ పెద్ద అక్షరాలతో రాయకూడదు. మన పెద్దవాళ్ల ఇంటిపేర్లు, ఇనిషియల్స్ వరసగా మూడు వంకీల అక్షరాలైతే అది పేరులా కాదు, ముగ్గులా ఉంటుంది. అందుకే కార్డు మీద పిలిచే పేరు మాత్రం స్క్రిప్ట్‌లో పెట్టి, ఇనిషియల్స్ సాదా ఫాంట్‌లో చిన్నగా పెట్టాను. రెండు, అక్షరాల మధ్య ఎడం పెంచకూడదు. పెంచితే కలిపిరాత ముక్కలవుతుంది.

తెలుగు వరుసలో వచ్చే చిక్కు వేరు. Great Vibes లో తెలుగు అక్షరాలు లేవు. అయినా ఆ ఫాంట్ ఎంచుకుని తెలుగు టైప్ చేస్తే తెరమీద తెలుగు కనిపించవచ్చు, ఎందుకంటే కంప్యూటర్ చెప్పకుండా ఇంకో ఫాంట్ తెచ్చి పెడుతుంది. ప్రింట్ షాపులో అదే చోట డబ్బాలు రావచ్చు. ఇంకొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు వత్తులు కలపవు. "లక్ష్మి" అని రాస్తే "లక్‌ష్‌మి" అని విడివిడిగా వస్తుంది. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు పేరాగ్రాఫ్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకోవాలి. ఏది వాడినా ఫైలు పంపే ముందు లక్ష్మి, కృష్ణ, జ్ఞానేశ్వరి అనే మూడు పేర్లు చూడండి. ఇవి సరిగ్గా వస్తే మిగతావి దాదాపు వచ్చినట్టే. తర్వాత ఫాంట్లు లోపల చేర్చిన పీడీఎఫ్ మాత్రమే షాపుకి పంపండి.

సీటింగ్ చార్ట్ దగ్గర నా పట్టు ఇంకా గట్టిది. అక్కడ పేర్లకి స్క్రిప్ట్ ఫాంట్ ఏ భాషలోనూ వద్దు. కార్డు దగ్గర మనిషి కూర్చుని తీరిగ్గా చూస్తాడు. చార్ట్ దగ్గర వెనక ఇరవై మంది నిలబడి ఉంటారు. నేను 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ఉన్న బోర్డులు రెండు చేయించాను, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో. ఒకే బోర్డులో రెండు భాషలూ ఇరికిస్తే రెండూ చిన్నవైపోతాయి. పై భాగం, అంచులు పోగా పేర్లకి 28 అంగుళాల ఎత్తు మిగిలింది. నాలుగు నిలువు వరుసలు, వరుసకి 45 పేర్లు. ఒక్కో పేరుకి సుమారు 45 పాయింట్ల ఎత్తు దొరికింది. అందులో తెలుగు 28 పాయింట్లలో హాయిగా పట్టింది.

పేర్లని బల్లల వారీగా కాకుండా అకారాది క్రమంలో పెట్టాను. బల్ల నంబరు తెలియకే కదా చార్ట్ దగ్గరికి వచ్చేది! క్రమం ఇంటిపేరుతో కాదు, పిలిచే పేరుతో. మనలో కొందరు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు వెనక. అత్తయ్యల ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో పిల్లలకి తెలియదు. ఇద్దరు లక్ష్ములుంటే అప్పుడు ఇంటిపేరు చేర్చండి. "శ్రీ", "శ్రీమతి" ముందు పెడితే అందరూ "శ" దగ్గర గుంపవుతారు. అందుకని మర్యాద కార్డు మీద "గారు"లో చూపించండి, చార్ట్‌లో పేరు చాలు.

తెలుగుకి సోకే వద్దని కాదు. చార్ట్ పైన వధూవరుల పేర్లు తెలుగులో Ravi Prakash ఫాంట్‌లో, 150 పాయింట్లలో పెట్టాను. శీర్షికలకీ ఆహ్వానాలకీ గీసిన ఫాంట్ అది, ఉచితంగా దొరుకుతుంది. అంత పెద్ద సైజులో "ధ" కింద గీత ఎక్కడికీ పోదు. పైగా ఆ రెండు పేర్లూ అక్కడున్న అందరికీ ముందే తెలుసు. నా కొలత ఇదే. చదవకపోయినా నష్టం లేని మాటకి అలంకారం పెట్టొచ్చు. తన పేరు వెతుక్కుంటూ వచ్చిన మనిషికి మాత్రం ఆ పేరు ఏ అడ్డూ లేకుండా కనిపించాలి.