ప్లేట్‌లెట్లు 1.42 లక్షలు: అరబ్బీలోకి ఎలా మార్చాలి?

హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో యెమెన్, సూడాన్, ఇరాక్, ఒమన్ నుంచి వచ్చే రోగులు కనిపించడం ఇప్పుడు మామూలే. వాళ్లకు తోడుగా తిరిగే తర్జుమాదారుల్లో పాతబస్తీ, బార్కస్ కుర్రాళ్లు, మదర్సాలో చదివినవాళ్లు, గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగొచ్చినవాళ్లు ఉంటారు. డాక్టరు మాటను అరబ్బీలో చెప్పడం వీళ్లకు పెద్ద కష్టం కాదు. చిక్కంతా కాగితం దగ్గరే వస్తోంది. రోగి కొడుకు రక్త పరీక్ష రిపోర్టును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. "భాయ్, ఇది అరబ్బీలో రాసివ్వు, ఊళ్లో డాక్టరుకు చూపించాలి" అంటాడు. ఇక్కడ భాష ఎంత బాగా వచ్చినా, ఒక చుక్క తప్పితే లెక్కంతా తప్పుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై ఏళ్ల యెమెన్ పెద్దాయన రిపోర్టులో నాలుగు వరుసలు ఉన్నాయనుకోండి: Hb 9.8 gm%, TLC 11,200 /cumm, Platelets 1.42 lakhs/cumm, S. Creatinine 1.8 mg/dL. ఇవన్నీ మన ల్యాబులు రోజూ రాసే పద్ధతులే. కానీ వీటిలో మూడు వరుసలు పూర్తిగా మనదేశపు అలవాటు.

ముందు ప్లేట్‌లెట్లు. మామూలుగా 1.5 నుంచి 4.1 లక్షల మధ్య ఉండాలని పక్కనే రాసి ఉంటుంది. 1.42 అంటే కాస్త తక్కువ, అంతే. ఇరాక్, గల్ఫ్‌లో పాతతరం మాటల్లో 'లక్' అనే పదం ఉన్నా, అక్కడి ల్యాబ్ రిపోర్టులు లక్షల్లో లెక్కపెట్టవు, వేలల్లో లెక్కపెడతాయి. అనువాదంలో 'లక్ష' జారిపోయి 1.42 మాత్రమే మిగిలిందనుకోండి. 150 నుంచి 410 వేల లెక్కకు అలవాటుపడ్డ డాక్టరు దాన్ని 1,420 అనుకునే ప్రమాదం ఉంది. అది రక్తస్రావానికి భయపడాల్సిన స్థాయి. కాబట్టి ఇక్కడ అంకెను విప్పి రాయాల్సిందే: 142,000 /µL. cumm అన్నా µL అన్నా ఒకే పరిమాణం, కాబట్టి అంకె మారదు. పక్కనున్న రేంజ్‌ను కూడా అదే లెక్కలో 150,000 నుంచి 410,000 అని మార్చాలి. కామా కూడా చూసుకోవాలి. మనం 1,42,000 అని రాస్తాం, వాళ్లు 142,000 అని రాస్తారు.

రెండోది gm%. దీన్ని చూడగానే 'ఫీ అల్ మియా', అంటే శాతం అని రాసేస్తుంటారు. ఇది శాతం కాదు. నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఇన్ని గ్రాములు అని అర్థం. అరబ్బీ రిపోర్టులో దీని జాగాలో g/dL అని రాయాలి. 9.8 మారదు, గుర్తు మాత్రమే మారుతుంది.

మూడోది పొడి అక్షరాలు. TLC అంటే మన దగ్గర తెల్లకణాల మొత్తం లెక్క. ఊపిరితిత్తుల డాక్టరుకు అదే అక్షరాలు ఊపిరితిత్తుల మొత్తం సామర్థ్యం. అందుకే అక్షరాలను అలాగే వదిలేయకుండా WBC అని, పక్కన كريات الدم البيضاء అని రాయడం మంచిది. ఇలాగే మన PCV బయట HCT, మన SGPT బయట ALT, SGOT బయట AST. HbA1cకి నిఘంటువు చూసి పొడుగు మాట కట్టనక్కర్లేదు. అరబ్బు కుటుంబాలు దాన్ని السكر التراكمي అంటారు, అంటే పోగైన షుగరు. ఆ మాట రాసి, పక్కన HbA1c అలాగే ఉంచితే ఇంట్లోవాళ్లకూ డాక్టరుకూ ఇద్దరికీ అర్థమవుతుంది.

ఇక క్రియాటినిన్. ఇక్కడ యూనిట్ మార్చాలా వద్దా అన్నది అసలు ప్రశ్న. కొన్ని చోట్ల ఇది mg/dLలో ఉంటుంది, మరికొన్ని చోట్ల µmol/Lలో ఉంటుంది. 1.8ని 88.4తో గుణిస్తే సుమారు 159 వస్తుంది. 0.7 నుంచి 1.3 అన్న రేంజ్ 62 నుంచి 115 అవుతుంది. చాలా తప్పులు ఇక్కడే పుడతాయి. ఫలితాన్ని మార్చి రేంజ్‌ను మార్చడం మర్చిపోతే, 159 పక్కన 0.7–1.3 ఉంటుంది. చూసినవాళ్లు కిడ్నీలు పోయాయనుకుంటారు. అదే రేంజ్ మాత్రం మారి ఫలితం అలాగే ఉండిపోతే, 1.8 అనేది చాలా తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ల్యాబ్ రాసిన అంకె, యూనిట్, రేంజ్ మూడూ ఉన్నవి ఉన్నట్టే రాయాలి. డాక్టరు అడిగితేనే, మార్చిన లెక్కను విడిగా కింద, 'ఇది అనువాదకుడి లెక్క' అని చెప్పి ఇవ్వాలి. ప్లేట్‌లెట్ల సంగతి వేరు, అక్కడ యూనిట్ మారలేదు, లక్షను విప్పి రాశామంతే. రేంజ్ కూడా ఆ ల్యాబ్‌దే ఉండాలి, ఇంకో చోట నుంచి తెచ్చి పెట్టకూడదు. అది వాళ్ల మెషిన్‌ను బట్టి, రోగి వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

తర్వాత రాత దగ్గర ఒక చిక్కు. ఉర్దూ తెలిసినవాళ్లు అరబ్బీ అంకెలు కూడా వచ్చేసినట్టే అనుకుంటారు. ఉర్దూ కీబోర్డులో నాలుగు ۴, ఆరు ۶. అరబ్బీలో అవే ٤, ٦. ఇంతకన్నా పెద్ద ప్రమాదం సున్నా. అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. 1.8ని ١.٨ అని మామూలు చుక్కతో టైప్ చేస్తే, చూడ్డానికి ١٠٨లా, అంటే 108లా కనిపిస్తుంది. అరబ్బీలో దశాంశానికి కామాలాంటి ٫ గుర్తు వాడతారు. ఈ గొడవంతా లేకుండా ల్యాబ్ అంకెలను 1, 2, 3 లాగే ఉంచడం క్షేమం. అరబ్బు డాక్టర్లకు అవి కొత్త కాదు. మొరాకో, అల్జీరియాల్లో రోజువారీ వాడకంలో ఉన్నవే అవి.

కుడి నుంచి ఎడమకు రాసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. అరబ్బీ వాక్యం మధ్యలో 0.7 - 1.3 అని టైప్ చేస్తే, స్క్రీన్ మీద అది తిరగబడి కనిపించవచ్చు. < గుర్తు కూడా అద్దంలో చూసినట్టు తలకిందులవుతుంది. ఏది తక్కువో ఏది ఎక్కువో తెలియకుండా పోతుంది. దీనికి మందు సులువే, గుర్తులు వదిలి మాటల్లో రాయాలి:

```
من 0.7 إلى 1.3
أقل من 5.7
```

మొదటిది 'ఇంత నుంచి ఇంత వరకు', రెండోది 'ఇంతకన్నా తక్కువ'. యూనిట్‌ను వాక్యంలో కలపకుండా టేబుల్‌లో వేరే గడిలో పెడితే అదీ చెదరదు.

చివరికి మళ్లీ ఫొటో దగ్గరకే రావాలి. మడత మీద పడ్డ అంకె, ఫ్లాష్ వెలుగులో మాయమైన చుక్క, ఒక వరుస కిందికి జారిన రేంజ్, ఇవి భాషతో సరిదిద్దేవి కావు. అయితే పట్టుకోవడానికి రెండు చిన్న లెక్కలు ఉన్నాయి. చాలామందిలో Hbని మూడుతో గుణిస్తే దాదాపు PCV వస్తుంది. పెద్దాయన Hb 9.8 కాబట్టి PCV 29 దగ్గర్లో ఉండాలి. ఫొటోలో 39 అని కనిపిస్తే ఆగి మళ్లీ చూడాలి. రక్తహీనతలో కొన్ని రకాలకు ఈ లెక్క కాస్త అటూఇటూ అవుతుంది, కాబట్టి దీన్ని అనుమానానికే వాడాలి, అంకె దిద్దడానికి కాదు. రెండోది, తెల్లకణాల రకాల శాతాలన్నీ కూడితే 100 రావాలి. రాకపోతే ఏదో అంకె తప్పు చదివినట్టే.

అలా అనుమానం వచ్చినచోట ఊహించి నింపకూడదు. غير مقروء, అంటే 'చదవడానికి వీల్లేదు' అని రాసి, ల్యాబ్ నుంచి పీడీఎఫ్ తెప్పించమని ఆ కొడుక్కి చెప్పాలి. సనాలో కూర్చున్న డాక్టరు మందు మోతాదు నిర్ణయించేది ఆ కాగితం మీది అంకెను చూసే. ఖాళీ గడి కనిపిస్తే ఆయన మళ్లీ పరీక్ష రాస్తాడు. తప్పు అంకె కనిపిస్తే దాన్నే నమ్మి మందు రాస్తాడు.